తొలి సెమిస్టరులో నవంబరు

అమెరికాలో నవంబరు మొదటి ఆదివారం తెల్లవారుజామున గడియారాలు ఒక గంట వెనక్కి జరుగుతాయి. ఆగస్టులో చికాగోలో దిగిన తెలుగు విద్యార్థికి అప్పటిదాకా ఇంటికీ తనకూ మధ్య పదిన్నర గంటల తేడా. ఆ రోజు నుంచి పదకొండున్నర. డిసెంబరు మొదట్లో అక్కడ సాయంత్రం 4:20కే పొద్దు కుంకుతుంది. ల్యాబ్ నుంచి బయటికి వచ్చేసరికి చిమ్మచీకటి, చలి. విమానాశ్రయంలో ఏడవని పిల్లలు కూడా కొందరు ఈ రోజుల్లో బాత్రూం తలుపు వేసుకుని ఏడుస్తారు.

ఇల్లు గుర్తొచ్చి మనిషి నీరసించిపోవడాన్ని వైద్యులు ఒకప్పుడు జబ్బుగానే లెక్కగట్టారు. 1688లో స్విట్జర్లాండులోని బాజెల్ నగరంలో యోహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి దీనికి ‘నోస్టాల్జియా’ అని పేరు పెట్టి సిద్ధాంత వ్యాసం రాశాడు. అందులో చదువుకోసం బెర్న్ నుంచి బాజెల్ వచ్చిన ఒక యువకుడి సంగతి ఉంది. మంచం పట్టి, బతకడనుకున్న ఆ అబ్బాయిని ఇంటికి పంపేద్దామని తీసుకు బయలుదేరితే, ఊరు చేరకముందే దారిలోనే తేరుకున్నాడట. బెర్న్ నుంచి బాజెల్ మహా అయితే వంద కిలోమీటర్లు. కరీంనగర్ నుంచి చికాగో వెళ్లినవాడికి ఆ దారి వైద్యం దొరకదు: టికెట్టు ధర, బ్యాంకు అప్పు, వీసా, అన్నీ అడ్డమే.

అలాంటి ఒక కుర్రాడిని ఊహించుకుందాం. ఎం.ఎస్.కి వెళ్లాడు. మూడు కోర్సులు, 9 క్రెడిట్లు. రెండు బెడ్రూముల ఇంట్లో ఆరుగురు, అందరూ తెలుగువాళ్లే. ఇండియన్ స్టోరు నుంచి బియ్యం బస్తా, ఇంటి నుంచి తెచ్చుకున్న ఆవకాయ, వంతులవారీ వంట. బయటినుంచి చూస్తే ఒంటరితనానికి చోటే లేదు. కానీ నవంబరులో ఇతను రోజూ రాత్రి ఒంటిగంట దాకా మేలుకుంటున్నాడు. అప్పుడు ఇంటి దగ్గర మధ్యాహ్నం పన్నెండున్నర. కుటుంబం వాట్సాప్ గ్రూపులో అక్క కూతురి పుట్టినరోజు ఫొటోలు ఒక్కొక్కటిగా పడుతుంటాయి, ఇతను ఒక్కొక్కటీ చూస్తుంటాడు. పొద్దున తొమ్మిదింటి క్లాసు తప్పుతుంది. అమ్మ అడిగితే ‘బాగానే ఉన్నానమ్మా’. ఇంటిమీద అప్పు తెచ్చి పంపినవాళ్లకు ఇంకేం చెబుతాడు?

ఇక్కడ రెండు వేర్వేరు ఇబ్బందులు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. ఇంటిమీద బెంగ ఒకటి. రెండోది, కాలికింద నేల మారినట్టుండే తడబాటు. దీనికి ‘కల్చర్ షాక్’ అన్న పేరు బాగా వ్యాప్తిలోకి వచ్చింది మానవశాస్త్రవేత్త కాలెర్వో ఓబెర్గ్ 1954లో రియో డి జనీరోలో చేసిన ప్రసంగం తర్వాత. ఆయన లెక్కలో దెబ్బ తీసేవి పెద్ద విషయాలు కావు, చిల్లర సంకేతాలు: ఎప్పుడు చెయ్యి కలపాలి, ఎవరికి టిప్పు ఇవ్వాలి, ఏ మాట నిజంగా అన్నారు, ఏది మర్యాదకు అన్నారు. ‘హౌ ఆర్ యూ’ అని అడిగిన క్లాస్‌మేటు జవాబు వినకుండానే దాటిపోతాడు. ప్రొఫెసరుగారు పేరుపెట్టి పిలవమంటారు, మనవాడికి ‘సార్’ తప్ప నోరు తిరగదు. క్లాసులో మాట్లాడటానికి మార్కులుంటాయి, నిశ్శబ్దంగా వినడమే వినయం అని పెరిగినవాడు అవి పోగొట్టుకుంటాడు. రూంమేటు అసైన్‌మెంటు చూసి రాయడం కాలేజీలో స్నేహధర్మం, అక్కడ కాపీ నేరం.

మొదట సంబరం, మధ్యలో కుంగుబాటు, చివరికి సర్దుబాటు అనే క్రమం చాలామంది వినే ఉంటారు. 1955లో లిస్‌గార్డ్ అనే నార్వే పరిశోధకుడు అమెరికా వెళ్లి వచ్చిన తన దేశస్థులను అడిగి గీసిన వంపు అది. కానీ 1998లో కొలీన్ వార్డ్, ఆమె సహచరులు న్యూజిలాండులో జపాను విద్యార్థులను ఏడాదిపాటు గమనిస్తే, దిగిన తొలి రోజులే అన్నిటికన్నా కష్టంగా తేలాయి. కాబట్టి ‘నాకు సంబరమే కలగలేదు, నాలోనే ఏదో లోపం’ అనుకునే పిల్లలకు ఆ బెంగ అక్కర్లేదు. నవంబరు అందరికీ నవంబరులోనే రాదు.

ఆరుగురు తెలుగువాళ్లున్న ఇల్లు ఎందుకు సరిపోలేదన్నదానికి స్టీఫెన్ బోక్నర్, ఆయన సహచరులు 1977లో చెప్పిన మాట పనికొస్తుంది. హవాయిలో విదేశీ విద్యార్థుల స్నేహాలను చూసి వాళ్లు మూడు వలయాలు గుర్తించారు. సొంత దేశంవాళ్లు భాషనూ పండగనూ అన్నాన్నీ నిలబెడతారు. ఆతిథ్య దేశంవాళ్లు చదువు, ఆఫీసు పనులు గట్టెక్కిస్తారు. మిగతా విదేశీయులు కాలక్షేపానికి తోడు. మన కుర్రాడికి మొదటి వలయం నిండుగా ఉంది, రెండోది ఖాళీ. ఆఫీస్ అవర్స్‌లో ప్రొఫెసరును ఏం అడగాలో రూంమేట్లలో ఎవరికీ తెలియదు, తెలియకపోయినా చెప్పేస్తారు. పైగా ఆ ఇంట్లో మాటలన్నీ తిరిగి తిరిగి ఎవరికి ఆన్ క్యాంపస్ జాబ్ దొరికింది, ఎవరి అప్పు ఎంత అన్నచోటికే చేరతాయి. ఇల్లు ఖాళీ చెయ్యనవసరం లేదు. వారంలో ఒక్క గంట, ఒకే చోట, ఒకే సమయానికి బయటివాళ్ల మధ్య కూర్చుంటే చాలు: స్టడీ గ్రూపు కావచ్చు, బ్యాడ్మింటన్ కావచ్చు. ఒకే ముఖాలు మళ్లీ మళ్లీ కనబడితేనే ‘హౌ ఆర్ యూ’కి తర్వాతి వాక్యం పుడుతుంది.

ఫోను సంగతి. ఇంటికి మాట్లాడటం తప్పేమీ కాదు, వేళే చిక్కు. బెంగ పనిలేని రాత్రివేళ ముదురుతుంది. ఆ గంటలో ఫోను పట్టుకుంటే నిద్ర పోతుంది, నిద్ర పోతే క్లాసు పోతుంది. చికాగోలో పొద్దున 7:30కి శీతాకాలంలో మన దగ్గర రాత్రి 7 గంటలు. ఇంట్లో అందరూ ఉండే వేళ. ఇవతల తొమ్మిదింటికి క్లాసు ఉంటుంది గనుక, పెట్టెయ్యమని ఎవరూ చెప్పకుండానే ఫోను ఆగుతుంది.

ఇక అసలు ప్రమాదం. బెంగ అలలా వస్తుంది, మంచి భోజనమో క్రికెట్ మ్యాచో ఉంటే కాసేపు తప్పుకుంటుంది. అలా తప్పుకోకుండా రెండు వారాలపాటు దాదాపు రోజూ దిగులే ఉండి, ఇష్టమైనవీ రుచించక, నిద్రా ఆకలీ చెడితే, అది బెంగను దాటి కుంగుబాటు కావచ్చు. అప్పుడు యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటరుకు వెళ్లాలి. ప్రాణాపాయం లాంటి సందర్భాల్లో తప్ప అక్కడ చెప్పింది ప్రొఫెసరుకో ఇంటికో చేరదు. చచ్చిపోవాలనిపించేంత బాధైతే అమెరికాలో ఏ వేళనైనా 988కి ఫోను చెయ్యవచ్చు, మెసేజ్ పెట్టవచ్చు.

మన కుర్రాడు మాత్రం ఎక్కడికీ వెళ్లకుండా, భారంగా ఉన్న కోర్సును ఆన్‌లైన్‌లో ఒక్క క్లిక్కుతో డ్రాప్ చేద్దామనుకున్నాడు. అదే జరిగుంటే 9 క్రెడిట్లు 6 అయ్యేవి, ఎఫ్-1 హోదాకే ముప్పు వచ్చేది. విచిత్రమేమిటంటే అలా తగ్గించుకునే దారి చట్టంలోనే ఉంది. అమెరికా బోధనా పద్ధతి కొత్తగా ఉండి మొదట్లో ఇబ్బంది పడేవాళ్లకు ఒక సెమిస్టరు భారం తగ్గించవచ్చు, కనీసం 6 క్రెడిట్లు ఉంచుకోవాలి. జబ్బు కారణమైతే డాక్టరో క్లినికల్ సైకాలజిస్టో ఇచ్చిన పత్రంతో ఇంకా తగ్గించవచ్చు. షరతు ఒక్కటే: ఇంటర్నేషనల్ ఆఫీసులో ఐ-20 చూసే అధికారి ముందుగా అనుమతించాలి. డ్రాప్ చేశాక వెళితే ఆలస్యమే.

అతను ఆ ముందురోజే ఆ ఆఫీసుకు వెళ్లాడనుకుందాం. పరీక్షలయ్యే నాటికి ఫోను పొద్దునకు మారింది.

“తిన్నావా నాన్నా?”

“ఇంకా లేదమ్మా. బస్సొస్తోంది, సాయంత్రం వండుకుంటాం. ఈ రోజు వంతు నాదే.”