పొలం, చేను, తోట: ఇంగ్లీషులో ఏమనవలె?

గుంటూరు ప్రాంతపు నల్లరేగడి నేలల్లో రైతు "మిరప తోటకు నీరు పెట్టి వచ్చాను" అంటాడు. ఈ వాక్యాన్ని ఇంగ్లీషులోకి మార్చమంటే చాలామంది విద్యార్థులు నిఘంటువు చూసి "చిల్లీ గార్డెన్" అని రాస్తారు. కొందరు "ఆర్చర్డ్" అంటారు. రెండూ పొరపాటే. గార్డెన్ అంటే ఇంగ్లీషువాడికి ఇంటిచుట్టూ ఉండే పెరడో, పూలతోటో స్ఫురిస్తుంది. ఆర్చర్డ్ అంటే ఏళ్ళ తరబడి నిలిచే పండ్లచెట్ల తోట. మిరప కొద్ది నెలల పంట. కనుక అక్కడ రాయవలసింది "చిల్లీ ఫీల్డ్".

గుంటూరు, ప్రకాశం మెట్ట ప్రాంతాలలో తోట అనే మాట చెట్లకే పరిమితం కాదు. నారు పోసి, మొక్కలు నాటి పెంచే మిరపకూ పొగాకుకూ కూడా అది చెల్లుతుంది. అదే రైతు నేరుగా విత్తే ప్రత్తిని మాత్రం "పత్తి చేను" అంటాడు. మాటలు రెండైనా ఇంగ్లీషులో రెండింటికీ ఫీల్డ్ అనే మాటే సరిపోతుంది.

ఇందుకు సరిగా ఎదురైన సందర్భం కూడా ఉన్నది. గుంటూరు ప్రాంతపు రైతులు కొందరు తెలంగాణా జిల్లాలకు వెళ్ళి ప్రత్తి సాగు చేశారు. అటువంటి కుటుంబానికి చెందిన విద్యార్థి ఒకడు అక్కడి రైతు మాటలను ఇంగ్లీషులో రాయవలసి వచ్చిందనుకొందాము. ఆ రైతు ఇలా అన్నాడు: "నాకు పొలం రెండెకరాలున్నది. చేను మూడెకరాలు. నిరుడు చేన్ల పత్తి పెట్టిన."

మొదటి చిక్కు పొలం దగ్గర వస్తుంది. గుంటూరులో పొలం అంటే సాగుభూమి ఏదైనా కావచ్చును. మెట్టా పొలమే, మాగాణీ పొలమే. తెలంగాణాలో మాత్రం పొలం అంటే సాధారణంగా నీరు కట్టి వరి పండించే భూమి. మెట్ట పంటల భూమి చేను, లేదా చెలక. విద్యార్థి తన ఊరి అర్థం పట్టుకొని రెండింటికీ ఫీల్డ్ అని రాస్తే, ఐదెకరాల భూమి ఉన్నట్లు తెలుస్తుంది గాని, అందులో రెండెకరాలకే నీటి వసతి ఉన్నదన్న సంగతి మాయమవుతుంది. పంట నష్టాన్ని గురించిన నివేదికలో ఈ తేడా చిన్నది కాదు. కనుక మొదటిది "ప్యాడీ ఫీల్డ్" లేదా "వెట్ ల్యాండ్", రెండవది "డ్రై ల్యాండ్" కావలె. గుంటూరులో రెండు మాటలకు ఒక్క ఇంగ్లీషు మాట చాలింది. ఇక్కడ రెండు మాటలకు రెండు మాటలే అవసరం.

రెండవ చిక్కు "పెట్టిన" అన్న క్రియ. గుంటూరు విద్యార్థికి ఇది అసంపూర్తిగా వినిపిస్తుంది. "పత్తి పెట్టిన రైతు" అన్నట్లు దాని తరువాత నామవాచకం ఏదో రావాలని ఎదురుచూస్తాడు. కాని తెలంగాణా వ్యవహారంలో "నేను పెట్టిన" అన్నది పూర్తి వాక్యం. గుంటూరులో అది "పెట్టాను". అతడు పెట్టాడు అనడానికి అక్కడ "పెట్టిండు" అంటారు. ఇక పెట్టు అంటే "కీప్" అని రాస్తే ప్రత్తిని ఇంట్లో దాచినట్లవుతుంది. గింజను భూమిలో పెట్టాడు గనుక "సో" అనే క్రియ తగును. వాక్యం మొత్తం ఇలా తేలుతుంది: "లాస్ట్ ఇయర్ ఐ సోడ్ కాటన్ ఆన్ మై డ్రై ల్యాండ్."

ఈ భేదాలు జిల్లా సరిహద్దుతో ఆగవు. 1970లో ఒంగోలు కేంద్రంగా ఏర్పడి, తరువాత ప్రకాశం పేరు పొందిన జిల్లాను గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల భాగాలతో కూర్చారు. అందుచేత ఒకే జిల్లాలో ఒకచోట "వచ్చాడు", మరొకచోట "వచ్చినాడు" వినిపిస్తాయి. ఇంగ్లీషులో రెండూ "కేమ్" మాత్రమే. ఈ తేడా ఉచ్చారణకూ రూపానికీ చెందినది, అర్థానికి చెందినది కాదు. తేడా వినిపించిన ప్రతిచోటా ఇంగ్లీషు మాట మార్చనక్కరలేదు.

మార్చవలెనో, వద్దో తేల్చుకొనడానికి నిఘంటువు కంటె ప్రశ్న మేలు. "ఆ భూమికి నీరు ఎక్కడినుంచి వస్తుంది? అందులో ఏ పంట వేస్తారు? ఆ పంట ఎన్ని నెలలు ఉంటుంది?" అని మాట్లాడినవారినే అడగవలె. ఒంగోలులో జన్మించిన భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి రూపొందించిన వ్యవసాయ మాండలిక వృత్తిపదకోశాన్ని 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురించింది. పల్లెలలో రైతుల నోట విన్న మాటలే ఆ కోశానికి ఆధారం. తరగతిలో ఉపాధ్యాయులు ఇదే పనిని చిన్న ఎత్తున చేయించవచ్చును. పొలం, చేను, తోట అన్న మూడు మాటలను ఇచ్చి, తమ ఊరిలో ఏ పంటకు ఏది వాడుతారో ఇంటివద్ద పెద్దలను అడిగి రాసుకొని రమ్మంటే చాలును. ఇంగ్లీషు మాట ఎంపిక ఆ పట్టిక చేతికి వచ్చిన తరువాతి పని.