సన్నని చోట ఒత్తిడి తక్కువ!

గొట్టం సన్నబడిన చోట నీళ్లు ఇరుక్కుని పోతాయి కాబట్టి అక్కడే ఒత్తిడి ఎక్కువని చాలామంది అనుకుంటారు. అసలు సంగతి తలకిందులు.

నేలకు సమాంతరంగా పడుకోబెట్టిన గొట్టం ఒకటి ఉందనుకుందాం. లోపలి వ్యాసం 4 సెంటీమీటర్లు, మధ్యలో మాత్రం 2. వెడల్పు భాగంలో నీళ్లు సెకనుకు 1 మీటరు వేగంతో వస్తున్నాయి. నీళ్లు నొక్కితే కుదించుకుపోవు, దారిలో పోగుపడటానికి చోటూ లేదు. అందుకని వెడల్పు భాగంలోంచి సెకనుకు ఎన్ని నీళ్లు వస్తే, సన్నని భాగంలోంచి అన్నీ దాటిపోవాల్సిందే. వ్యాసం సగమైతే దారి వైశాల్యం నాలుగో వంతు అవుతుంది. కాబట్టి అక్కడ వేగం నాలుగింతలై 4 మీటర్లకు చేరుతుంది. దీన్నే సాంతత్య సూత్రం అంటారు.

మరి ఆ వేగం ఎక్కడిది? నీళ్లు ముందుకు దూకాలంటే ముందునుంచి ఎదురయ్యే ఒత్తిడి కన్నా వెనకనుంచి తోసే ఒత్తిడి ఎక్కువుండాలి. అంటే సన్నని చోట ఒత్తిడి తగ్గి ఉండాలన్నమాట. స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త డేనియల్ బెర్నౌలీ 1738లో అచ్చువేసిన గ్రంథంలో ఈ లెక్క తేల్చాడు. రెండు భాగాల మీదా నిలువుగా గాజు గొట్టాలు బిగిస్తే తేడా కళ్లకే కనిపిస్తుంది. మన ఉదాహరణలో సన్నని భాగం మీది గాజు గొట్టంలో నీటిమట్టం దాదాపు 76 సెంటీమీటర్లు కిందికి ఉంటుంది. మళ్లీ గొట్టం వెడల్పయ్యాక నీళ్లు నెమ్మదిస్తాయి, ఒత్తిడి పెరుగుతుంది. అయితే రాపిడి కొంత మింగేస్తుంది కాబట్టి మునుపటంత పెరగదు.

ఇదే లెక్క మిద్దె మీది ట్యాంకుకూ పనికొస్తుంది. మీటరు వ్యాసం, మీటరుంపావు ఎత్తు నీళ్లున్న మూతలేని ట్యాంకులో సుమారు వెయ్యి లీటర్లు పడతాయి. అడుగున పక్కగోడకు సెంటీమీటరు వ్యాసమున్న చిల్లు పడిందనుకోండి. పైన నీటి ఉపరితలం మీదా, బయటపడ్డ ధార చుట్టూ ఉన్నది ఒకే గాలి ఒత్తిడి. అందువల్ల అంత ఎత్తు నీటి బరువు వల్ల పుట్టిన ఒత్తిడంతా చిల్లు దగ్గర వేగంగా మారిపోతుంది. ధార వేగం √(2gh), అంటే సెకనుకు దాదాపు 5 మీటర్లు. పైనుంచి మీటరుంపావు కింద పడిన రాయి వేగమూ అంతే. ఇటలీ శాస్త్రవేత్త టారిసెల్లి బెర్నౌలీ కన్నా ముందే, 1644లో దీన్ని చెప్పాడు.

కానీ ఈ వేగాన్ని చిల్లు వైశాల్యంతో గుణించి నీళ్ల లెక్క కడితే తప్పుతుంది. నాలుగు వైపులనుంచీ చిల్లువైపు ఒరుసుకొచ్చే నీళ్లు ఒక్కసారిగా మలుపు తిరగలేక, బయటికొచ్చాక ధార ఇంకా సన్నబడుతుంది. అంచు పదునుగా ఉన్న చిల్లులోంచి లెక్కకు వచ్చినదాంట్లో దాదాపు 62 శాతమే బయటికొస్తుంది. అది నిమిషానికి సుమారు 14 లీటర్లు.

ఆ లెక్కన వెయ్యి లీటర్లకు గంటా పది నిమిషాలు చాలాలి. కానీ పట్టేది రెండుంపావు గంటలు. మట్టం పడిపోతున్న కొద్దీ ధార నీరసిస్తుంది మరి. నీటి ఎత్తు నాలుగో వంతుకు దిగితే వేగం సగమే మిగులుతుంది. అందుకే మొదటి ముప్పాతిక నీళ్లు పోవడానికి ఎంతసేపు పడుతుందో, చివరి పావు వంతుకూ సరిగ్గా అంతసేపే పడుతుంది.