సుడోకు ఆగిపోయిన చోట

సుడోకు సగం నిండాక ఒక చోట చెయ్యి ఆగిపోతుంది. ఏ గడి చూసినా రెండు మూడు అంకెలకు వీలుంటుంది. ఏ అంకె తీసుకున్నా ప్రతి వరుసలోనూ రెండు మూడు చోట్ల పడేలా కనిపిస్తుంది. 'ఈ గడిలో ఇదొక్కటే పడుతుంది', 'ఈ వరుసలో ఈ అంకెకు ఇదొక్కటే చోటు' అనే రెండు పద్ధతులతో అంతదాకా వచ్చినవాళ్లు చాలామంది ఇక్కడ ఏదో ఒక అంకె ఊహించి వేసేస్తారు. అది తప్పని తేలేసరికి మరో పది గడులు నిండిపోయి ఉంటాయి. ఏది ఖాయంగా వేశామో, ఏది ఊహించి వేశామో తెలియక మొత్తం చెరిపేయాల్సి వస్తుంది.

ఊహించే పని లేకుండా ముందుకు వెళ్లే దారి ఉంది. అయితే వేసుకునే ప్రశ్న మారాలి. ఇంతవరకూ 'ఇక్కడ ఏది పడుతుంది?' అని అడిగాం. ఇకమీదట 'ఇక్కడ ఏది పడదు?' అని అడగాలి. అందుకోసం ఖాళీ గడుల్లో వీలున్న అంకెలన్నీ పెన్సిల్‌తో చిన్నగా రాసుకోవాలి. జంటలు, త్రయాలు, ఎక్స్-వింగ్ అనేవన్నీ ఆ పెన్సిల్ అంకెల్లో కొన్నింటిని కొట్టేసే పద్ధతులే. కొట్టేస్తూ పోతే ఏదో ఒక గడిలో ఒక్క అంకే మిగులుతుంది. మూడింటికీ ఆధారం ఒకటే లెక్క: ఎన్ని గడులో అన్నే అంకెలు.

ఒక అడ్డు వరుస తీసుకుందాం. అందులో మొదటి గడిలో 8, ఆరో గడిలో 3, తొమ్మిదో గడిలో 1 ఉన్నాయి. మిగిలిన ఆరు గడుల్లో 2, 4, 5, 6, 7, 9 పడాలి. పెన్సిల్ అంకెలు ఇలా ఉన్నాయనుకోండి. రెండో గడిలో 4, 7. మూడో గడిలో 2, 4, 7, 9. నాలుగో గడిలో 5, 6, 7. ఐదో గడిలో 2, 5, 6. ఏడో గడిలో 4, 7. ఎనిమిదో గడిలో 4, 9. ఒక్క అంకే ఉన్న గడి లేదు. ఒక్క చోటే పడే అంకె కూడా లేదు.

రెండో గడిని, ఏడో గడిని కలిపి చూడండి. రెండింటిలోనూ 4, 7 తప్ప మరేమీ లేవు. ఏది ఎందులో పడుతుందో ఇప్పుడే చెప్పలేం. కానీ ఈ వరుసలోని 4, 7 ఆ రెండు గడులు దాటి బయటికి రావని మాత్రం చెప్పగలం. బస్సులో రెండు సీట్ల మీద ఇద్దరు తువ్వాళ్లు వేసినట్టన్నమాట. కిటికీ పక్కన ఎవరు కూర్చుంటారో తెలియకపోయినా మూడో మనిషికి అక్కడ చోటు లేదు, ఆ ఇద్దరూ వేరే సీట్లకు రారు. కాబట్టి మూడో గడిలోని 4, 7, నాలుగో గడిలోని 7, ఎనిమిదో గడిలోని 4 కొట్టేయవచ్చు.

ఇప్పుడు ఎనిమిదో గడిలో 9 ఒక్కటే మిగిలింది, వేసేయండి. మూడో గడిలో 2, 9 మిగిలాయి, 9 పడిపోయింది కనుక అక్కడ 2. ఐదో గడిలోని 2 కూడా పోతుంది. నాలుగు, ఐదు గడుల్లో 5, 6 మిగిలి కొత్త జంట తయారైంది. కదలకుండా ఉన్న వరుసలో రెండు అంకెలు ఖాయమయ్యాయి, మిగిలిన నాలుగు గడులు రెండేసి అంకెలకు దిగాయి.

ఇదే వరుసను వెనక్కి తీసుకెళ్లి మరో వైపు నుంచి చూద్దాం. ఈసారి గడులను కాకుండా అంకెలను చూస్తాం. 5 ఎక్కడెక్కడ పడుతుంది? నాలుగు, ఐదు గడుల్లోనే. 6? అదీ ఆ రెండింటిలోనే. రెండు అంకెలకు ఆ రెండు గడులే చోటు కనుక అక్కడ మూడో అంకె ఉండే వీలు లేదు. నాలుగో గడిలోని 7, ఐదో గడిలోని 2 కొట్టేయాలి. అప్పుడు 2కు మూడో గడి ఒక్కటే మిగులుతుంది. అక్కడ 2 పడగానే 9 ఎనిమిదో గడిలో ఖాయమవుతుంది. దారి వేరైనా చేరింది అక్కడికే.

మొదటిది బయటికి కనిపించే జంట, రెండోది దాగిన జంట. కనిపించే జంట తన గడుల బయట ఉన్న అంకెలను తీసేస్తుంది, దాగిన జంట తన గడుల లోపల ఉన్న అదనపు అంకెలను తీసేస్తుంది. ఈ తేడా మనసులో స్థిరపడకపోతే కొట్టేయాల్సినవి వదిలేసి, ఉంచాల్సినవి కొట్టేసే ప్రమాదం ఉంది. దాగిన జంట కంటికి ఆనదు, ఎందుకంటే దాని చుట్టూ వేరే అంకెలు ముసురుకుని ఉంటాయి. అందుకే ఒక వరుసలో రెండు చోట్ల మాత్రమే పడే అంకెలు ఏవో విడిగా చూసుకోవాలి. అలాంటివి రెండు దొరికి, ఆ రెండు చోట్లూ ఒకటే అయితే దాగిన జంట చిక్కినట్టే.

త్రయం దగ్గర చాలామంది ఒక పొరపాటు అభిప్రాయంతో ఉంటారు. మూడు గడుల్లోనూ మూడేసి అంకెలు అచ్చంగా అవే ఉండాలనుకుంటారు. అక్కర్లేదు. ఒక నిలువు వరుసలో ఒక గడిలో 1, 5, మరో గడిలో 5, 8, ఇంకో గడిలో 1, 8 ఉన్నాయనుకోండి. ఏ గడిలోనూ మూడు అంకెలు లేవు. అయినా మూడు గడులూ కలిపితే వచ్చే అంకెలు 1, 5, 8 మాత్రమే. మూడు గడులు, మూడు అంకెలు, లెక్క సరిపోయింది. ఆ నిలువు వరుసలో మిగతా చోట్ల ఉన్న 1, 5, 8 అన్నీ పోతాయి. మరో గడిలో 1, 2, 5 ఉంటే అక్కడ 2 మిగులుతుంది.

ఒక్క గడిలో అదనంగా ఇంకో అంకె ఉంటే ఇదంతా కూలిపోతుంది. చివరి గడిలో 1, 8తో పాటు 9 కూడా ఉంటే మూడు గడులకు నాలుగు అంకెలయ్యాయి. అప్పుడు దేన్నీ కొట్టేయకూడదు. అలాగే ఆ గడులన్నీ ఒకే అడ్డు వరుసలోనో, ఒకే నిలువు వరుసలోనో, ఒకే మూడు బై మూడు బాక్స్‌లోనో ఉండాలి. రెండు గడులు ఒకే వరుసలోనూ ఒకే బాక్స్‌లోనూ ఉంటే మాత్రం లాభం రెట్టింపు. వరుసలోనూ కొట్టేయవచ్చు, బాక్స్‌లోనూ కొట్టేయవచ్చు. ఈ రెండో సగాన్ని మర్చిపోయేవాళ్లు చాలామంది.

ఎక్స్-వింగ్ పేరు వినగానే ఇదేదో వేరే విద్య అనిపిస్తుంది. నిజానికి ఇదీ జంటే. జంటలో రెండు గడులకు రెండు అంకెలు. ఇక్కడ అంకె ఒకటే, రెండు అడ్డు వరుసలకు రెండు నిలువు వరుసలు.

ఒక గ్రిడ్‌లో 6 మూడు చోట్ల పడి, ఆరు చోట్ల పడాల్సి ఉందనుకుందాం. రెండో అడ్డు వరుసలో 6కు మూడో నిలువు వరుసలో ఒక చోటు, ఎనిమిదో నిలువు వరుసలో ఒక చోటు ఉన్నాయి. ఏడో అడ్డు వరుసలోనూ సరిగ్గా ఆ రెండు నిలువు వరుసల్లోనే చోటుంది. నాలుగో అడ్డు వరుసలో 6కు మూడు, ఏడు, ఎనిమిది నిలువు వరుసల్లో వీలుంది. ఐదో అడ్డు వరుసలో రెండు, మూడు, ఎనిమిది నిలువు వరుసల్లో వీలుంది.

రెండో అడ్డు వరుసలో 6 మూడో నిలువు వరుసలో పడితే, ఏడో అడ్డు వరుసలోని 6 ఎనిమిదిలోకి వెళ్లాలి. అలా కాక రెండో వరుసలో అది ఎనిమిదిలో పడితే, ఏడో వరుసలో మూడులోకి వెళ్లాలి. మూడో దారి లేదు. ఈ రెండు దారులనూ గీతలుగా గీస్తే వాలుగా ఒకదాన్నొకటి దాటుతూ ఎక్స్ ఆకారం వస్తుంది. ఏ దారి నిజమైనా మూడో నిలువు వరుసలోని 6, ఎనిమిదో నిలువు వరుసలోని 6 ఈ నాలుగు గడుల్లోనే ఉంటాయి. కనుక ఆ రెండు నిలువు వరుసల్లో మిగతా చోట్ల ఉన్న 6లన్నీ కొట్టేయవచ్చు. నాలుగో అడ్డు వరుసలో మూడు, ఎనిమిది పోయి ఏడు ఒక్కటే మిగిలింది, అక్కడ 6 ఖాయం. ఐదో అడ్డు వరుసలో రెండు ఒక్కటే మిగిలింది, అక్కడా 6 ఖాయం. ఎక్స్ మూలల్లో 6 ఎటు పడుతుందో ఇంకా తెలియదు, అయినా వేరే చోట రెండు 6లు పడ్డాయి.

కొట్టేసే దిశలోనే చాలామంది తడబడతారు. అడ్డు వరుసల్లో చూసి పట్టుకున్న ఎక్స్-వింగ్ నిలువు వరుసల్లో కొట్టేస్తుంది. నిలువు వరుసల్లో పట్టుకున్నది అడ్డు వరుసల్లో కొట్టేస్తుంది. ఆ రెండు అడ్డు వరుసల్లో ఏ ఒక్కదానిలోనైనా 6కు మూడో చోటుంటే అది ఎక్స్-వింగ్ కాదు. నాలుగు మూలలు చక్కగా కనబడినంత మాత్రాన సరిపోదు.

వెతికేటప్పుడు ఒక గుర్తు పనికొస్తుంది. నాలుగు మూలలు నాలుగు వేర్వేరు బాక్స్‌లలో ఉన్నాయంటే ఆ నాలుగు బాక్స్‌లలోనూ ఆ అంకె ఇంకా పడలేదన్నమాట. అంటే గ్రిడ్‌లో అది ఐదుకు మించి పడి ఉండదు. ఆరు, ఏడు చోట్ల పడిపోయిన అంకెలో ఇలాంటి ఎక్స్-వింగ్ కోసం కళ్లు నొప్పి పుట్టేలా చూడటం వృథా. అసలే పడని అంకెలో వరుసకు రెండే చోట్లు ఉండటం అరుదు. మూడు, నాలుగు, ఐదు చోట్ల పడిన అంకెల దగ్గర మొదలుపెట్టాలి.

పెన్సిల్ అంకెలు రాసే తీరు కూడా ఇక్కడ తేడా తెస్తుంది. ప్రపంచ సుడోకు విజేత థామస్ స్నైడర్ పేరుతో ప్రచారంలో ఉన్న పద్ధతిలో, ఒక బాక్స్‌లో ఒక అంకెకు రెండే చోట్లు ఉన్నప్పుడు మాత్రమే దాన్ని రాస్తారు. గ్రిడ్ శుభ్రంగా ఉంటుంది, బాక్స్‌లో దాగిన జంటలు ఇట్టే కనబడతాయి. కానీ పైన చెప్పిన 6 ఉదాహరణలో నాలుగు, ఐదు వరుసల 6లు ఆ పద్ధతిలో అసలు రాయబడవు. ఎందుకంటే అక్కడి బాక్స్‌లలో వాటికి మూడేసి చోట్లున్నాయి. అందుకని స్నైడర్ పద్ధతితో మొదలుపెట్టినా, ఆగిపోయాక పెన్సిల్ అంకెలు పూర్తిగా రాసుకోవాల్సిందే. అప్పటి నుంచి ఒక అంకె వేసిన ప్రతిసారీ దాని అడ్డు వరుసలో, నిలువు వరుసలో, బాక్స్‌లో ఉన్న పెన్సిల్ అంకెలను చెరపాలి. చెరపకుండా మిగిలిన ఒక్క అంకె ఉన్న జంటను కనబడనివ్వదు. పొరపాటున చెరిపిన ఒక్క అంకె లేని జంటను చూపిస్తుంది, ఈ రెండోది మరీ ప్రమాదం. ఒక వరుసలో ఏదైనా అంకెకు చోటే లేకుండా పోయిందంటే తప్పు ఇప్పటిది కాదు, ముందెప్పుడో జరిగింది.

ఈ లెక్క ఇంకా పైకి వెళ్తుంది. మూడు అడ్డు వరుసల్లో ఒక అంకె మూడు నిలువు వరుసలకే పరిమితమైతే దాన్ని స్వోర్డ్‌ఫిష్ అంటారు. త్రయంలో లాగే ఒక్కో వరుసలో మూడు చోట్లూ ఉండనక్కర్లేదు, రెండున్నా చాలు. అన్ని గ్రిడ్‌లూ ఈ పద్ధతులకు లొంగవు, మరీ కఠినమైనవాటికి పొడవాటి గొలుసు తర్కం కావాలి.

మీ దగ్గర సగంలో వదిలేసిన సుడోకు ఉంటే కొత్తది మొదలుపెట్టకండి. దానిలోనే పెన్సిల్ అంకెలు పూర్తిగా రాసి, ముందుగా రెండేసి అంకెలున్న గడులు చూడండి. తర్వాత త్రయాలు, ఆ తర్వాత ఎక్స్-వింగ్. ఏది దొరికి ఒక్క అంకె పోయినా, వెంటనే మొదటి రెండు సులువైన పద్ధతులకు తిరిగి వెళ్లండి.