సెమిస్టర్ పరీక్షలో ఎవరికి ఎన్ని మార్కులు రావాలి? క్లాసంతటికీ ఒకే ఫార్ములా

ప్రశ్న: ఇంటర్నల్ మార్కులు చేతికొచ్చాయి. పాస్ కావడానికైనా, మంచి గ్రేడుకైనా సెమిస్టర్ పరీక్షలో ఎన్ని కావాలో విద్యార్థులందరికీ ఒక్కసారే చూపించడం ఎలా? తీసివేత ఒక్కటీ ఎందుకు సరిపోదు?

జవాబు: జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్22 బీటెక్ నిబంధనలనే తీసుకుందాం. థియరీ సబ్జెక్టులో ఇంటర్నల్‌కు 40, సెమిస్టర్ పరీక్షకు 60 మార్కులు. పాస్ కావాలంటే మొత్తం మీద 40 రావాలి. అది చాలదు, ఇంటర్నల్‌లో కనీసం 14, పరీక్షలో కనీసం 21 విడివిడిగా తెచ్చుకోవాలి.

తీసివేత తప్పుదారి పట్టించేది ఇక్కడే. ఇంటర్నల్‌లో 33 వచ్చిన అమ్మాయికి 40 లోంచి 33 తీసేస్తే 7 మిగులుతుంది. ఏడు మార్కులు చాలనుకుంటే ఆమె ఫెయిలవుతుంది, ఎందుకంటే 21 తప్పనిసరి. అందుకే తీసివేతలో వచ్చిన సంఖ్య, 21, ఈ రెండింటిలో పెద్దదాన్ని తీసుకోవాలి. ఆ పని MAX చేస్తుంది.

షీట్ ఇలా వేయండి. A నిలువు వరుసలో హాల్ టికెట్ నంబర్లు, B లో ఇంటర్నల్ మార్కులు. C1, D1, E1 గడుల్లో లక్ష్యాలు: 40, 60, 80. తర్వాత C2 లో ఇది టైప్ చేయండి:

```
=IF(AND(ISNUMBER($B2),$B2>=14),IF(C$1-$B2>60,"అందదు",MAX(21,C$1-$B2)),"చూడాలి")
```

దాన్ని E2 వరకు పక్కకు లాగి, ఆ మూడు గడులనూ కలిపి చివరి విద్యార్థి దాకా కిందికి లాగండి. డాలర్ గుర్తు అవసరం ఇప్పుడే తెలుస్తుంది. ఫార్ములా ఎటు జరిగినా $B2 మార్కుల కోసం B వరుసనే చూస్తుంది, C$1 లక్ష్యం కోసం మొదటి అడ్డు వరుసనే చూస్తుంది. డాలర్ మరిచిపోతే మొదటి విద్యార్థి రెండో లక్ష్యం దగ్గరే లెక్క దారి తప్పుతుంది.

33 వచ్చిన అమ్మాయి వరుసలో 21, 27, 47 కనిపిస్తాయి. 16 వచ్చిన అబ్బాయికి 24, 44, అందదు. 80 చేరాలంటే అతనికి పరీక్షలో 64 కావాలి, పేపరే అరవైకి కదా!

మార్కులు ఖాళీగా ఉన్నా, ఆబ్సెంట్ అని రాసి ఉన్నా, 14 కన్నా తక్కువ ఉన్నా "చూడాలి" అని వస్తుంది. ఈ జాగ్రత్త లేకపోతే ఖాళీ గడిని షీట్ సున్నాగా లెక్కేసి, 40 తెస్తే పాస్ అని చూపిస్తుంది. 14 కు తగ్గని మార్కు కనిపిస్తున్నా "చూడాలి" అంటే, ఆ అంకె గడిలో ఎడమవైపుకు అతుక్కుని ఉందేమో చూడండి. అలా ఉంటే షీట్ దాన్ని సంఖ్యగా కాక అక్షరాలుగా తీసుకుందన్నమాట. గడి ఫార్మాట్‌ను నంబర్‌గా మార్చి తిరిగి టైప్ చేస్తే సరిపోతుంది.

మీ కాలేజీ నిబంధనలు వేరైతే ఫార్ములాలోని 14, 21, 60, అలాగే C1 లోని 40 మార్చుకోండి. పిల్లలకు చెప్పేముందు ఎక్కువ మార్కుల వరుసొకటి, తక్కువ మార్కుల వరుసొకటి కాగితం మీద లెక్కగట్టి సరిచూసుకోండి.