క్లాసులో ఉంటే ఆబ్సెంట్, టీకొట్టులో ఉంటే ప్రెజెంట్

ఒక హైస్కూలు అనుకుందాం. ఉదయం 8:55 అయింది. టీచరు తొమ్మిదో తరగతి గదిలో బోర్డు పక్కన నిలబడి హాజరు యాప్ తెరిచారు. ముఖం సరిపోయిందని పచ్చ టిక్కు పడింది. ఆ వెంటనే, ‘మీరు పాఠశాల పరిధిలో లేరు’ అని ఎర్రక్షరాలు వచ్చాయి. మళ్లీ నొక్కినా అదే మాట. కిటికీ అవతలి నుంచి పీఈటీ సారు కేకేశారు: “మేడమ్, గదిలో పడదు. గేటు దగ్గరికెళ్లి కొట్టండి.” ఆవిడ గేటు దాకా నడిచి ఫోను పైకెత్తితే అప్పుడు పడింది. టైము 9:02 అయింది కాబట్టి లేటు.

ఆంధ్రప్రదేశ్‌లో టీచర్లకు 2022లో ముఖ గుర్తింపు యాప్ వచ్చింది. ఉపాధి హామీ పనుల దగ్గర రోజుకు రెండుసార్లు ఫొటోతో పాటు స్థలం వివరాలూ నమోదు చేయడం 2023 జనవరి నుంచి తప్పనిసరైంది. ప్రైవేటు కంపెనీలకూ ఇలాంటి యాప్‌లున్నాయి. చాలా హాజరు యాప్‌లలో మనిషి చోటును తేల్చేది జియోఫెన్స్. అంటే కంటికి కనపడని కంచె.

నిజానికి ఆ కంచెకు గోడా లేదు, ప్రహరీ ఆకారమూ లేదు. ఎక్కువగా ఉండేది ఒక చుక్క, ఒక అంకె. చుక్క అంటే ఆ స్థలం అక్షాంశం, రేఖాంశం. అంకె అంటే దాని చుట్టూ ఎన్ని మీటర్లు అనుమతించాలన్నది. ఫోను తానెక్కడున్నదీ చెబుతుంది, యాప్ ఆ చోటుకూ చుక్కకూ మధ్య దూరం లెక్కకడుతుంది. హద్దు 100 మీటర్లయితే 99 లోపల, 101 బయట. యాప్‌కు తెలిసింది అంతే. మీరు గదిలో ఉన్నారా, రోడ్డు మీద ఉన్నారా అన్నది దానికి కనపడదు.

కాబట్టి తప్పు రెండు చోట్ల దొర్లుతుంది. చుక్క పెట్టిన చోటు తప్పు కావచ్చు, ఫోను చెప్పిన చోటు తప్పు కావచ్చు.

ముందు చుక్క సంగతి చూద్దాం. మన బడిలో ఆవరణ మధ్యనున్న జెండా దిమ్మెను చుక్కగా ఎంచుకున్నారు. అసలు కొలత 16.43247, 80.98761. ఎక్సెల్ షీటులోకి ఎక్కించేటప్పుడు ఎవరో దశాంశం తర్వాత మూడంకెలకు కుదించి 16.432, 80.988 అని పెట్టారు. చూడ్డానికి చిన్న సవరణే. కానీ ఒక డిగ్రీ అక్షాంశమంటే సుమారు 111 కిలోమీటర్లు, అందులో వెయ్యో వంతు 111 మీటర్లు. ఈ కుదింపుతో చుక్క దక్షిణానికి 52 మీటర్లు, తూర్పుకు 42 మీటర్లు జరిగింది. నేరుగా కొలిస్తే 67 మీటర్లు. అంటే బడి కేంద్రం జెండా దిమ్మె నుంచి లేచి, ఆగ్నేయంలో గేటు దాటి, రోడ్డవతల టీకొట్టు ముందు కూర్చుంది.

తొమ్మిదో తరగతి గది జెండా దిమ్మెకు వాయవ్యంగా 30 మీటర్ల దూరంలో ఉంది. జరిగిన చుక్క నుంచి కొలిస్తే ఆ గది 97 మీటర్లు. ఫోను ఏ పొరపాటూ చేయకపోతే టీచరు ఇంకా లోపలే, మూడు మీటర్ల తేడాతో. టీకొట్టులో గ్లాసు పట్టుకున్నవాడు మాత్రం నట్టనడుమ ఉన్నట్టు లెక్క.

ఇక ఫోను సంగతి. జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి 20 వేల కిలోమీటర్లకు పైన తిరుగుతుంటాయి. వాటి సంకేతం ఎంతసేపట్లో చేరిందో చూసి ఫోను తన చోటు కనిపెడుతుంది. స్లాబు కింద ఆ సంకేతం బాగా బలహీనపడుతుంది. కొంత ఎదుటి గోడకు తగిలి తిరిగొస్తుంది. అది 30 మీటర్లు చుట్టూ తిరిగి వస్తే, ఆ ఉపగ్రహం 30 మీటర్లు ఎక్కువ దూరంలో ఉందని ఫోను పొరబడుతుంది. ఉపగ్రహాలు అందకపోతే చుట్టుపక్కల వైఫైలను బట్టీ, సెల్ టవర్లను బట్టీ అంచనా వేస్తుంది. వైఫై మీద సాధారణంగా 20 నుంచి 50 మీటర్ల తేడా ఉంటుంది. ఒక్క టవర్లనే నమ్ముకుంటే తేడా వందల మీటర్లకు పోతుంది.

ఆ ఉదయం ఫోను 20 మీటర్లు తప్పిందనుకుందాం. తప్పు వాయవ్యం వైపు పడితే దూరం 117, ఆబ్సెంట్. ఆగ్నేయం వైపు పడితే 77, ప్రెజెంట్. ‘నిన్న ఇక్కడే పడింది, ఇవాళ పడట్లేదు’ అనే ఫిర్యాదు వెనక ఉన్నది ఇదే. గేటు దగ్గర ఎందుకు పడిందంటే, అక్కడ ఆకాశం కనపడింది, పైగా జరిగిన చుక్క ఆ పక్కనే ఉంది.

తప్పు ఎక్కడుందో చుట్టూ గమనిస్తే పట్టుకోవచ్చు. ఆవరణలో ఒకే పక్కనున్న గదుల వాళ్లందరికీ పడకుండా, ఎదుటి పక్క వాళ్లందరికీ పడుతుంటే చుక్క జరిగినట్టే. గదిలో పడక ఆరుబయట ఎటు నిలబడినా పడుతుంటే సంకేతం సమస్య. అందరికీ పడి ఒక్కరికే పడకపోతే ఆ ఫోను సెట్టింగు చూడాలి. ఆండ్రాయిడ్ 12 నుంచి లొకేషన్ అనుమతి అడిగేటప్పుడు Precise, Approximate అని రెండు వస్తాయి. తొందరలో రెండోది నొక్కితే యాప్‌కు అందేది ఉజ్జాయింపు చోటు మాత్రమే, కిలోమీటరు దాకా తేడా రావచ్చు. యాప్ అనుమతుల్లో Use precise location ఆన్ చేస్తే సరిపోతుంది. బస్సు దిగీ దిగగానే కొట్టి ఆబ్సెంట్ పడేవాళ్లది వేరే కథ. కొన్ని యాప్‌లు కొత్తగా కొలవకుండా ఫోను దగ్గరున్న పాత చోటునే తీసుకుంటాయి. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వచ్చే బస్సు నిమిషానికి 500 మీటర్లు వస్తుంది. నిమిషం పాతదైనా మీరింకా వెనకటి స్టాపులోనే ఉన్నట్టు. మ్యాపు తెరిచి నీలి చుక్క కుదురుకున్నాక కొట్టడం మేలు.

హద్దును 300 మీటర్లకు పెంచేస్తే పోదా అంటే, ఇంట్లో కూర్చుని కొట్టేవాళ్లూ లోపలికొస్తారు. మరీ బిగించినా కుదరదు. ఆండ్రాయిడ్ రూపకర్తలే జియోఫెన్స్ హద్దు కనీసం 100 నుంచి 150 మీటర్లు పెట్టుకోమని యాప్ తయారీదారులకు చెబుతున్నారు. ముందు చుక్కను సరిదిద్దాలి. ఆవరణ మధ్యన ఆరుబయట కాసేపు నిలబడి, కొలత కుదురుకున్నాక, దశాంశం తర్వాత ఐదంకెలు వదలకుండా నమోదు చేయాలి.

రెండో మరమ్మతు యాప్‌లో జరగాలి. ఫోను తన చోటుతో పాటు ‘నా లెక్కలో ఇన్ని మీటర్ల తేడా ఉండొచ్చు’ అని ఇంకో అంకె కూడా ఇస్తుంది. దాన్ని యాక్యురసీ అంటారు. ఆండ్రాయిడ్‌లో దాని అర్థం, అసలు చోటు ఆ తేడాలోపు ఉండే అవకాశం 68 శాతం అని. అంటే సుమారు మూడుసార్లకొకసారి అంతకు మించి తప్పవచ్చని ఫోనే ఒప్పుకుంటోంది. చాలాసార్లు హాజరు లెక్కలో ఆ అంకెకు చోటుండదు.

మన టీచరు ఫోను దూరం 117, యాక్యురసీ 25 అని ఇచ్చిందనుకోండి. ఆవిడ 92 మీటర్లలోనూ ఉండొచ్చు, 142లోనూ ఉండొచ్చు. దీనికి సరైన జవాబు ఆబ్సెంటూ కాదు, ప్రెజెంటూ కాదు. ‘తేలలేదు, మళ్లీ కొలవాలి’ అని. ఆ మూడో జవాబు యాప్‌లో లేకపోతే, టైము దాటకముందే ఎర్రక్షరాల స్క్రీన్‌షాటు, మ్యాపులో నీలి చుక్కా దాని చుట్టూ ఉన్న లేతనీలి వలయం స్క్రీన్‌షాటు తీసి పెట్టుకోండి. ఆ వలయం ఎంత పెద్దదైతే ఫోనుకు అంత అనుమానం ఉన్నట్టు. రేపు హెచ్చెమ్ గారు అడిగితే చూపించడానికి మీ దగ్గర ఆ వలయమైనా ఉంటుంది.