ఆప్తులను కోల్పోయిన ఉద్యోగి: సెలవు, పనిభారం, మేనేజరు మాట

సెలవుల రకాలను, వాటి మంజూరు పద్ధతిని ముందటి పాఠంలో తెలుసుకున్నాం. ఆ నియమాలన్నీ ముందుగా తెలిసిన అవసరాలకు సరిపోతాయి. పెళ్ళికి, ప్రయాణానికి ఉద్యోగి దరఖాస్తు పెట్టుకోగలడు. మరణం దరఖాస్తు పెట్టించుకుని రాదు. అందువల్ల ఇక్కడ నియమం కంటే ముందు మేనేజరు స్పందన పనిచేస్తుంది, నియమం ఆ వెనుక వస్తుంది. ఈ భాగంలో ఒక్క ఉదాహరణను మొదటి నుంచి చివరి దాకా పరిశీలిద్దాం.

విజయవాడలోని ఒక మందుల పంపిణీ సంస్థను ఊహించుకోండి. అందులో ఇరవై అయిదు మంది పనిచేస్తారు. వారానికి ఆరు రోజుల పని. అకౌంట్స్ విభాగంలో సీనియర్ అసిస్టెంట్ ఒకరు, ఆయన కింద ఒక జూనియర్ ఉన్నారు. నెల 4వ తేదీ గురువారం ఉదయం, శ్రీకాకుళం జిల్లాలోని సొంత ఊళ్ళో తండ్రి చనిపోయారని సీనియర్ అసిస్టెంట్‌కు ఫోను వచ్చింది. ఆయన పెద్ద కొడుకు, కర్మ చేయవలసినవాడు. ఊళ్ళో ఇక తల్లి ఒక్కతే.

మొదటి ఫోను

మేనేజరు మొదటి మాట ఆఫీసు గురించి కాకూడదని అందరికీ తెలుసు. అయినా చాలామంది నోట రెండో వాక్యంగా "ఆ ఫైలు ఎక్కడ పెట్టారు?" అన్నది వచ్చేస్తుంది. మేనేజరు ఇలా అంటే చాలు: "నాన్నగారి సంగతి ఇప్పుడే తెలిసింది. చాలా బాధగా ఉందండీ. మీరు వెంటనే బయలుదేరండి. లీవు కాగితం నేనే పెడతాను. ఈ రోజు నుంచి మీ పని ఎవరు చూడాలో నేను చూసుకుంటాను. ఇక్కడ ఎవరెవరికి చెప్పమంటారు?"

ఇందులో ప్రతి వాక్యానికీ ఒక పని ఉంది. "లీవు కాగితం నేనే పెడతాను" అన్నది ఉద్యోగి మనసులో మెదిలే మొదటి ఆందోళనను తీసేస్తుంది. చివరి ప్రశ్న మర్యాద కోసం అడిగేది కాదు. మరణం ఎలా జరిగిందో అందరికీ తెలియాలని ప్రతి కుటుంబమూ కోరుకోదు. ఆత్మహత్య, గర్భస్రావం వంటి సందర్భాల్లో ఉద్యోగి అనుమతి లేకుండా ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఒక్క ముక్క కూడా పెట్టరాదు.

"ఏం కావాలన్నా మొహమాటపడకుండా అడగండి" అనే మాట వినడానికి బాగుంటుంది గానీ, దానివల్ల ఉపయోగం తక్కువ. ఏం కావాలో ఆలోచించుకునే స్థితిలో మనిషి ఉండడు. అడిగే బాధ్యతను అతని మీదే వేసినట్టవుతుంది. దానికి బదులు "స్టేషనుకు కారు పంపిస్తున్నాను" అనండి. "పెద్ద వయసే కదా", "ధైర్యంగా ఉండాలి, అమ్మగారిని మీరే చూసుకోవాలి" వంటి మాటలు సదుద్దేశంతోనే వస్తాయి. మొదటిది దుఃఖాన్ని తగ్గించి చూపుతుంది, రెండోది దుఃఖపడే హక్కునే తీసేస్తుంది. మన పల్లెల్లో పరామర్శకు వెళ్ళినవారు "వెళ్ళొస్తాం" అనకుండానే లేచి వస్తారు. మాట్లాడకుండా కాసేపు కూర్చోవడం కూడా పరామర్శేనని మన పెద్దలకు తెలుసు, మేనేజర్లే కొత్తగా నేర్చుకోవలసి వస్తోంది.

సెలవు లెక్క

మన దేశంలో ప్రైవేటు ఉద్యోగులందరికీ వర్తించే ప్రత్యేక శోక సెలవు ఏ చట్టంలోనూ లేదు. కొన్ని సంస్థలు తమ నిబంధనల్లో మూడు నుంచి అయిదు రోజులు ఇస్తున్నాయి. మిగిలిన రోజుల కోసం సాధారణ సెలవుల వైపే చూడాలి. 1988 నాటి షాపులు, సంస్థల చట్టం ప్రకారం ఏడాదిలో 240 రోజులు పనిచేసిన ఉద్యోగికి 15 రోజుల ఆర్జిత సెలవు, దానితోపాటు 12 రోజుల క్యాజువల్ సెలవు, 12 రోజుల అనారోగ్య సెలవు ఉంటాయి.

మన ఉదాహరణలో సంస్థ నిబంధన మూడు రోజులు. కర్మకు ఎంత కాలం కావాలి? చనిపోయిన రోజును మొదటి రోజుగా లెక్కిస్తే పదకొండో రోజు 14వ తేదీ ఆదివారం, పదమూడో రోజు 16వ తేదీ మంగళవారం. తిరుగు ప్రయాణం 17న. 18వ తేదీ గురువారం ఆఫీసుకు వస్తారు. మధ్యలో రెండు ఆదివారాలు తీసేస్తే పోయిన పనిదినాలు పన్నెండు. ప్రత్యేక సెలవు మూడు పోగా ఇంకా తొమ్మిది కావాలి. ఆయన ఖాతాలో క్యాజువల్ సెలవులు అయిదు, ఆర్జిత సెలవులు పదకొండు ఉన్నాయనుకుందాం.

చాలా ఆఫీసుల్లో ముందుగా క్యాజువల్ సెలవులన్నీ ఖర్చు రాసి, మిగిలింది ఆర్జిత సెలవులో వేస్తారు. గుమాస్తాకు అదే సులభం. నా దృష్టిలో ఇక్కడ దానికి విరుద్ధంగా చేయాలి. ఆర్జిత సెలవు ఏడు రోజులు, క్యాజువల్ రెండు రోజులు వాడి, మూడు క్యాజువల్ సెలవులను మిగల్చాలి. కారణం ఏమిటంటే, మరణం తాలూకు పనులు పదమూడో రోజుతో అయిపోవు. మరణాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయించాలి. ధ్రువపత్రం వచ్చాక బ్యాంకు, బీమా, తల్లికి రావలసిన పింఛను, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం వంటివి ఒకదాని వెనుక ఒకటి వస్తాయి. నెలనెలా మాసికం ఉంటుంది. వీటికి వారం రోజుల సెలవు అవసరం లేదు. ముందు రోజు చెప్పి తీసుకోగల ఒక పూట కావాలి. మూడు క్యాజువల్ సెలవులు అంటే అలాంటి ఆరు పూటలు.

పదమూడు రోజుల లెక్క అందరికీ ఒకటి కాదన్నది గమనించండి. పెళ్ళయిన కూతురికి తండ్రి మైల మూడు రోజులేనని కొన్ని కుటుంబాల్లో అంటారు. అంతమాత్రాన ఆమె దుఃఖం మూడు రోజులది కాదు. భర్తను కోల్పోయిన ముస్లిం స్త్రీకి ఇద్దత్ నాలుగు నెలల పది రోజులు. క్రైస్తవ కుటుంబాల్లో భూస్థాపన తర్వాత ఆదరణ కూడిక మరో రోజున ఉండవచ్చు. మేనేజరు సంప్రదాయాలన్నీ తెలుసుకోనక్కర్లేదు, "మీ ఇంట్లో ఏయే రోజులు ముఖ్యం?" అని అడిగితే చాలు. అలాగే నిబంధనలో "తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు" అని మాత్రమే రాసి ఉంటే, పెంచి పెద్దచేసిన అమ్మమ్మ, మేనమామ అందులో ఉండరు. "లేదా ఉద్యోగిని పెంచినవారు" అన్న మూడు మాటలు చేర్చిన సంస్థలో ఈ వాదన రాదు.

పని ఎవరు చేస్తారు?

అకౌంట్స్ పనికి తేదీల గొలుసు ఉంటుంది. టీడీఎస్ చెల్లింపు 7న, జీఎస్టీఆర్-1 11న, పీఎఫ్, ఈఎస్ఐ 15న, జీఎస్టీఆర్-3బీ 20న. మొదటి మూడూ ఆయన లేనప్పుడే వస్తాయి. ఇక్కడ జరిగే అసలు తప్పు పని ఆగిపోవడం కాదు. పని సాగించడానికి శ్మశానం దగ్గరున్న మనిషికి ఫోన్లు చేయడం. పోర్టల్‌లో ఆయన మొబైల్ నంబరే ఉంటే ఓటీపీ ఆయనకే వెళుతుంది. జూనియర్ ఒకసారి, బ్యాంకు ఒకసారి, యజమాని ఒకసారి అడుగుతారు. ఎవరికి వారు "ఒక్క నిమిషమే కదా" అనుకుంటారు.

ఆయన ఊరు చేరి అంత్యక్రియలు ముగిశాక, 5వ తేదీ సాయంత్రం మేనేజరు ఒక్కరే ఒక్కసారి ఫోను చేసి, కావలసినవన్నీ ఒకే మాటలో తేల్చుకోవాలి. ఆ తర్వాత ఎవరూ చేయకూడదు. అధీకృత సంతకందారుగా యజమాని నంబరు పోర్టల్‌లో ఉంటే ఆ ఒక్క ఫోను కూడా అక్కర్లేదు. ఇది మరణాలతో నిమిత్తం లేకుండా సంస్థ ఏనాడో చేసుకోవలసిన పని. జూనియర్‌కు అనుభవం చాలకపోతే బయటి ఆడిటరుకు ఆ నెలకు కొంత రుసుము ఇచ్చి అప్పగించడం, తప్పుడు రిటర్ను వేసి జరిమానా కట్టడం కంటే చౌక.

ఇక 18న ఆయన తిరిగి వస్తారు. 20న 3బీ ఉంది. "వచ్చేశారుగా" అని అందరూ ఊపిరి పీల్చుకుని దాన్ని ఆయన బల్ల మీద పెడతారు. ఇక్కడే ప్రమాదం. ఆప్తులు పోయిన తొలి వారాల్లో నిద్ర సరిగా ఉండదు, దృష్టి నిలవదు, చదివిన అంకె మరుక్షణం గుర్తుండదు. మనిషి పనిలో కూర్చుంటాడు, బయటికి మామూలుగానే కనిపిస్తాడు. సమర్పించిన 3బీని సవరించే వీలు లేదు, తప్పును తర్వాతి నెలల రిటర్నులోనే సర్దుకోవాలి. కాబట్టి ఆ నెల ఆయన లెక్క తయారు చేయవచ్చు గానీ, మరొకరు సరిచూసి సమర్పించాలి. ఈ ఏర్పాటు ఆయనకు ముందే చెప్పాలి. చెప్పకుండా వెనుక నుంచి సరిచూస్తే నమ్మకం పోయిందని బాధపడతారు.

అలాగని పనంతా లాగేసుకోవడమూ సరికాదు. కొందరికి ఆఫీసు పనే ఊరట. ఇంట్లో ఏడుపు, ఇక్కడ లెడ్జరు. ఏది ఉంచాలి, ఏది తీయాలి అన్నది ఆయన్నే అడగాలి. బ్యాంకు సరిపోలిక వంటి తప్పు దొరికే పనులు మొదట, వసూళ్ళ కోసం ఇతరులతో గొడవపడవలసిన పనులు ఆఖరున ఇవ్వడం మేలు.

తిరిగి వచ్చాక

మొదటి రోజు ఉదయం మేనేజరు తన గదికి పిలవకుండా తానే ఆయన దగ్గరికి వెళ్ళి పది నిమిషాలు మాట్లాడాలి. తండ్రి ప్రస్తావన తేవచ్చు. తేకపోతేనే వింతగా ఉంటుంది. "ఎలా ఉన్నారు?" అంటే "బాగానే ఉన్నానండీ" అని తప్ప మరో జవాబు రాదు. "అమ్మగారు ఎవరి దగ్గర ఉంటున్నారు?" అనండి. మన ఉదాహరణలో ఈ ప్రశ్నకు వచ్చే జవాబే వచ్చే మూడు నెలల పనిని నిర్ణయిస్తుంది. తల్లి ఊళ్ళోనే ఉంటానంటే ఆయన రెండు వారాలకొకసారి శనివారం వెళ్ళవలసి వస్తుంది. అప్పుడు శనివారం నాటి స్టాకు లెక్కను ముందుగానే జూనియర్‌కు మార్చాలి. ఇదే మాట రెండు వారాలకు, నెలకు, మూడు నెలలకు మళ్ళీ అడగాలి. తేదీలను డైరీలో రాసుకోకపోతే మేనేజరు మరిచిపోతాడు. అందరి పరామర్శ నెలతో ఆగిపోతుంది, అసలు ఒంటరితనం అప్పుడే మొదలవుతుంది.

కాగితాల విషయంలో ఒక జాగ్రత్త. ఆరోగ్య బీమాలో తండ్రి ఆధారితుడిగా ఉంటే పేరు తొలగించాలి. పీఎఫ్‌లో ఆయన నామినీ అయితే మార్చాలి. ఇవి అవసరమే. అయితే మూడో రోజున కంప్యూటరు దానంతటదే పంపే "మీ ఆధారితుల వివరాలు సవరించండి" అన్న ఈమెయిల్ ఎంత గాయపరుస్తుందో ఊహించండి. నెల గడిచాక హెచ్ఆర్ ఉద్యోగి పక్కన కూర్చుని కలిసి నింపడం మంచిది. ఆ త్రైమాసికం లక్ష్యాలను కూడా హాజరైన రోజుల మేరకు తగ్గించి, ఆ సంగతి అప్పుడే ఫైల్లో రాసి పెట్టాలి. ఏడాది చివర మదింపు చేసే అధికారి వేరొకరు కావచ్చు.

నెలలు గడిచినా రోజువారీ పనులు చేసుకోలేకపోవడం, మద్యం పెరగడం, బతకాలని లేదన్న మాటలు కనిపిస్తే అది మేనేజరు తీర్చే సమస్య కాదు. రోగమేదో తేల్చే ప్రయత్నం చేయరాదు. వైద్యుణ్ణి కలవమని, ప్రభుత్వ ఉచిత సహాయ కేంద్రం టెలీ-మానస్ నంబరు 14416కు తెలుగులోనే మాట్లాడవచ్చని చెప్పి, అందుకు కావలసిన సమయం ఇవ్వాలి. బతకాలని లేదన్న మాట వస్తే నెలల దాకా ఆగకుండా ఆ రోజే కదలాలి.

ఇంతవరకు చెప్పినదంతా జీతం రిజిస్టరులో పేరున్న ఉద్యోగి గురించి. అదే సంస్థలో ఏజెన్సీ ద్వారా వచ్చే గోడౌన్ హమాలీకి, ఊడ్చే ఆమెకు ఆచరణలో రాని రోజుకు కూలి ఉండదు. వాళ్ళు మూడో రోజునే పనిలోకి రావడం చూసి "ఎంత గుండె ధైర్యం" అంటుంటారు. సాధారణంగా అది ధైర్యం కాదు. ఏజెన్సీతో ఒప్పందం రాసుకునేటప్పుడే ఏడాదికి మూడు రోజుల శోక సెలవుకు కూలి సంస్థ భరిస్తుందన్న షరతును చేర్చవచ్చు. ఇరవై అయిదు మంది ఉన్నచోట దాని ఖర్చు ఎంతవుతుందో మీ సొంత కార్యాలయం ఒప్పందాన్ని తీసుకుని లెక్కకట్టి చూడండి.