నామీద వీడియో.. ఫిర్యాదు ఇలా రాశా!
మాది కామారెడ్డి జిల్లా పోచారం. 2025 ఆగస్టు వరదల తర్వాత చందాలు పోగుచేశా. ‘బాధితుల పైసలు తినేశాడు’ అంటూ నా ఫొటోతో ఒకడు వీడియో పెట్టాడు. దోస్తులంతా రిపోర్ట్ బటన్ నొక్కినా కదల్లేదు.

2021 ఐటీ రూల్స్ ప్రకారం ఇలాంటి సైట్లకు గ్రీవెన్స్ ఆఫీసర్ ఉండాల్సిందే. ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో చెప్పాలి. మెలిక ఎక్కడంటే, రూల్ 3(1)(b)లోంచి ‘పరువు నష్టం’ అనే మాటను 2022లో తీసేశారు. కాబట్టి ‘నా పరువు పోయింది’ అని ఏడిస్తే సరిపోదు. ‘తెలిసి తెలిసీ అబద్ధం ప్రచారం చేయడం’ అన్నది మాత్రం అందులో ఉంది. నేను దాన్నే పట్టుకున్నా.

వీడియో లింకు ఇచ్చా. 42వ సెకను దగ్గర వాడన్న మాట ఉన్నదున్నట్టు రాశా. పక్కనే వచ్చిన 18,400 రూపాయల లెక్క, సరుకుల బిల్లులు పెట్టా. రాత్రికే ఫిర్యాదు నంబరొచ్చింది, నాలుగో రోజు వీడియో పోయింది.

కాపీ ఇంకోటి ఉంది. లింకు వేరు, అందుకే మళ్లీ ఫిర్యాదు. ఈసారి ‘నిజమో కాదో కోర్టే తేల్చాలి’ అన్నారు. అలాంటి జవాబొస్తే 30 రోజుల్లోపు gac.gov.inలో అప్పీల్ చేయొచ్చు. చేశా, చూస్తున్నా.